నవంబరు ఒకటిన ఏం జరిగింది?

ఈ సంచిక చివరి పేజీకి "మనం జరుపుకునే దినాలు" అనే పట్టిక ఒకటి తయారుచేసి ఇమ్మని సంపాదక కమిటీ తమ్ముళ్ళు నన్ను అడిగారు. చరిత్రలో ఎం.ఏ. చేస్తున్నాను కాబట్టి నాకిది చిటికెలో పని అనుకున్నారు. జనవరి 26, ఏప్రిల్ 14, ఆగస్టు 15 గడులు నింపడానికి నిజంగానే చిటికె పట్టింది. రాష్ట్ర అవతరణ దినం అనే గడి దగ్గరికి వచ్చేసరికి కామన్ హాల్లో పెద్ద పేచీ మొదలైంది. ఒకడు నవంబరు 1 అన్నాడు. ఇంటరు చదివే తమ్ముడు జూన్ 2 అన్నాడు. గ్రూప్స్‌కి చదువుతున్న అన్నయ్య ఒకాయన అసలు తేదీ అక్టోబరు 1 అన్నాడు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు మాత్రం, "మా పెద్దమ్మ వాళ్ళ యానాంలో కూడా నవంబరు 1నే సెలవన్నా, కానీ వాళ్ళది మన రాష్ట్రం కాదు కదా?" అని అడిగాడు. నలుగురిలో మంచి ప్రశ్న వేసింది వాడే.

ఈ పేచీలో నలుగురూ కొంత నిజమే చెప్పారు. చిక్కు ఎక్కడంటే, వాళ్ళు రెండు వేర్వేరు ప్రశ్నలకు ఒకటే జవాబు వెతుకుతున్నారు. ఆ రోజున ఏం జరిగింది అన్నది ఒక ప్రశ్న. దాన్ని పండుగగా జరపమని ఎవరు, ఎప్పుడు చెప్పారు అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చట్టంలో ఉంటుంది, అది మారదు. రెండోదానికి జవాబు ఆ ఏటి ప్రభుత్వ ఉత్తర్వులో ఉంటుంది, అది ప్రభుత్వంతో పాటు మారుతుంది. ఆ మార్పు నేను ఈ హాస్టల్లో ఉండగానే చూశాను. 2013లో ఆరో తరగతిలో చేరాను. ఆ నవంబరు 1న బళ్ళో ప్రార్థన తర్వాత ఉపన్యాసాలు, చాక్లెట్లు. 2014 నవంబరు 1న ఏమీ లేదు, మామూలుగా లెక్కల క్లాసు జరిగింది. పదో తరగతి అయ్యేదాకా అంతే. ఒక తేదీ అలా మాయమైపోవచ్చునా అని అప్పుడే అనిపించింది కానీ అడగడానికి ఎవరూ దొరకలేదు.

ముందు 1953 నుంచి వద్దాం. మన గోదావరి జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ప్రత్యేకాంధ్ర కోసం పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసులో, మన జిల్లాకే చెందిన బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. యాభై ఎనిమిది రోజులు అని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. లెక్కపెట్టి చూసుకోవచ్చు: అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15. మొదటి రోజూ చివరి రోజూ రెండూ కలుపుకుంటేనే 58 వస్తుంది. ఇంత చిన్న లెక్క ఎందుకంటే, ఒక పుస్తకంలో రోజుల సంఖ్య ఒకలాగా, తేదీలు ఇంకోలాగా ఉంటే రెండింట్లో ఒకటి తప్పని ఇలాగే తెలిసిపోతుంది. నాలుగు రోజుల తర్వాత, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ గారు ప్రకటించారు.

ప్రకటన ఇచ్చిన రోజున రాష్ట్రం రాదు. దానికి పార్లమెంటు చట్టం చెయ్యాలి. ఆంధ్ర రాష్ట్ర చట్టానికి 1953 సెప్టెంబరు 14న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ రోజునా రాష్ట్రం రాలేదు. చట్టం మొదట్లో, రెండో సెక్షన్‌లో, "నియమిత దినం" అనే మాటకు అర్థం రాసి ఉంటుంది: 1953 అక్టోబరు 1. మూడో సెక్షన్‌లో, ఆ నియమిత దినం నుంచి ఆంధ్ర అనే పేరుతో ఒక రాష్ట్రం ఏర్పడుతుందని చెప్పి, అందులోకి వచ్చే జిల్లాల పేర్లు వరసగా ఇచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తర్వాత మన తూర్పుగోదావరి పేరు ఉంటుంది. మొత్తం పదకొండు జిల్లాలు, వాటితో పాటు బళ్ళారి జిల్లాలోంచి ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు. రాజధాని కర్నూలు, మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం గారు. కాబట్టి గ్రూప్స్ అన్నయ్య చెప్పిన అక్టోబరు 1కి గట్టి ఆధారమే ఉంది. మద్రాసు నుంచి మనం విడివడి రాష్ట్రంగా "ఏర్పడింది" ఆ రోజునే.

మా మామ్మ ఆ ఏడే పుట్టింది. తేదీ తెలియదు. "పెద్ద గోదారొచ్చిన ఏడు, ఏటిగట్టు మీద పురుడు పోశారంట" అంటుంది. ఆవిడ పుట్టిల్లు కోటిపల్లి దిగువన ఒక లంక. గోదావరికి ఆ పెద్ద వరద వచ్చింది 1953 ఆగస్టులో కాబట్టి, మామ్మ ఆంధ్ర రాష్ట్రం కంటే నెలన్నర పెద్దదని నేను లెక్క కట్టాను. ఆవిడ ఆధార్ కార్డులో మాత్రం 1-1-1958 అని ఉంది. రాసినవాళ్ళు ముఖం చూసి వయసు వేసి, నెలా తేదీ అడగకుండా జనవరి ఒకటి చేసేశారు. పింఛను దరఖాస్తు దగ్గర ఆ నాలుగేళ్ళ తేడా మా ఇంటికి బాగానే తెలిసొచ్చింది. వరద ఎప్పుడొచ్చిందో చూపించే కాగితాలు ఎన్నైనా తేవచ్చు. ఆ వరదలో ఆవిడ పుట్టిందని చూపించే కాగితం ఒక్కటీ లేదు. మా నాన్న పుట్టినరోజు జూలై 1. మన హాస్టల్లో ఎంతమంది తండ్రుల పుట్టినరోజు జూన్ లేదా జూలై ఒకటో ఒకసారి అడిగి చూడండి. బళ్ళో చేర్పించిన రోజున మాస్టారు వేసిన తేదీలు అవి. కాగితం మీద ఉన్న తేదీ ఎవరు వేశారు, ఏ పనికి వేశారు అని అడగడం మా ఇంట్లో నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. రాష్ట్రం పుట్టినరోజు దగ్గర కూడా అదే అడిగాను.

ఇప్పుడు నవంబరు 1. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టానికి 1956 ఆగస్టు 31న ఆమోదం వచ్చింది. అందులో నియమిత దినం 1956 నవంబరు 1. దాని మూడో సెక్షన్ తెరిచి నెమ్మదిగా చదవండి. హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ జిల్లాలను, మరికొన్ని తాలూకాలను వరసగా చెప్పి, ఇవి ఆంధ్ర రాష్ట్రానికి "చేర్చబడతాయి" అంటుంది. చివర్లో, ఆంధ్ర రాష్ట్రం ఇకపై ఆంధ్రప్రదేశ్ అని "పిలవబడుతుంది" అంటుంది. 1953 చట్టంలో వాడిన "ఏర్పడుతుంది" అనే మాట ఇక్కడ మన రాష్ట్రానికి వాడలేదు. చట్టం దృష్టిలో ఆంధ్ర రాష్ట్రం రద్దయి కొత్తది పుట్టలేదు. ఉన్న రాష్ట్రమే పెరిగింది, పేరు మారింది. ఆంధ్రప్రదేశ్ అనే పేరు పుట్టినరోజు కాబట్టి నవంబరు 1కీ ఆధారం ఉంది. కానీ ఆ రోజు సభల్లో పొట్టి శ్రీరాములు గారి పటానికి దండ వేసి, ఆయన ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణమిచ్చారని చెప్పడం వింటుంటాం. ఆయన అడిగింది మద్రాసు నుంచి వేరైన ఆంధ్ర రాష్ట్రం. 1956 నాటికి ఆయన పోయి దాదాపు నాలుగేళ్ళు. దండ వెయ్యవద్దని నేను అనను. ఆ మాటల్లో ఏ సంఘటన ఏ తేదీదో విడదీసి చెబితే చాలు.

పుట్టిన రోజు, పేరు వచ్చిన రోజు వేరుగా ఉండటం మనకు కొత్త కాదు. కోనసీమ జిల్లా అమల్లోకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అప్పటికి దాని పేరు కోనసీమ జిల్లా మాత్రమే. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చే ముసాయిదా నోటిఫికేషన్ ఆ మే నెలలో వచ్చింది. ఆ నెల 24న అమలాపురంలో ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు. జూన్‌లో మంత్రివర్గం ఆ పేరుకు ఆమోదం తెలిపింది. రేపు ఎవరైనా "డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఆ పేరుతోనే ఏర్పడింది" అని రాస్తే, ఆ నడుమ జరిగిన గొడవంతా ఒక్క వాక్యంతో చెరిగిపోతుంది. మన హాస్టల్ పత్రికలో అలా రాయకూడదు.

జూన్ 2 సంగతి చూడండి. దీని చుట్టూ ఉన్నన్ని తేదీలు వేరేదానికి లేవు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి సంతకం అయింది. 1953, 1956 చట్టాల్లోలాగా ఈ చట్టంలో నియమిత దినం తేదీ రాయలేదు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి ఏ రోజు నియమిస్తే అదే నియమిత దినం అని ఊరుకుంది. ఆ నోటిఫికేషన్ మార్చి 4న వచ్చింది, అందులో జూన్ 2 అని ఉంది. కాబట్టి చట్టం ఒక్కటీ చదివి జూన్ 2ని రుజువు చేద్దామంటే కుదరదు. చట్టం కాగితమూ గెజిట్ కాగితమూ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి.

ఇక ఆ రోజున ఏం జరిగింది? మూడో సెక్షన్, తెలంగాణ అనే కొత్త రాష్ట్రం ఏర్పడుతుంది అంటుంది. నాలుగో సెక్షన్, ఆంధ్రప్రదేశ్‌లో అవి పోగా మిగిలిన ప్రాంతాలు ఉంటాయి అంటుంది. అంటే జూన్ 2 తెలంగాణకు అవతరణ దినం. ఆంధ్రప్రదేశ్‌కు ఆ రోజు హద్దులు మారాయి, రాష్ట్రం అదే, పేరూ అదే. మన జూనియర్ ఒకడికి ఒక కోచింగ్ సెంటర్ నమూనా పరీక్షలో "ఆంధ్రప్రదేశ్ ఎప్పుడు అవతరించింది" అనే ప్రశ్నకు జవాబు 2 జూన్ 2014 అని ఇచ్చారు. వాడు నవంబరు 1, 1956 పెట్టి మార్కు పోగొట్టుకుని, తనే తప్పనుకుని దిగులుగా వచ్చాడు. ఇద్దరం కూర్చుని 1956 చట్టం మూడో సెక్షన్, 2014 చట్టం మూడు, నాలుగు సెక్షన్లు ప్రింటు తీశాం. నమూనా పరీక్ష కాబట్టి సరిపోయింది. అసలు పరీక్షల్లో ప్రాథమిక కీ ఇచ్చాక అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు ఉంటుంది, ఆధారం జత చెయ్యకపోతే పట్టించుకోరు. గైడు పుస్తకంలో పేజీ ఆధారం కింద చెల్లదని అనుకుని, చట్టం సెక్షనే జత చేసే అలవాటు చేసుకోండి. ఇంకొక ప్రశ్న కూడా తరచు వస్తుంది, "భాషా ప్రాతిపదికన ఏర్పడిన తొలి రాష్ట్రం" అని. స్వాతంత్ర్యం తర్వాత అని ఉంటే జవాబు 1953 ఆంధ్ర రాష్ట్రం. ఆ మాట లేకపోతే 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒరిస్సా అడ్డం వస్తుంది. ఒరిస్సా సంగతి మళ్ళీ చెబుతాను, అది మన భాషా దినంతో ముడిపడి ఉంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే మా బళ్ళో నవంబరు 1 ఎందుకు మాయమైంది? అది రెండో ప్రశ్న. విభజన తర్వాత వచ్చిన ప్రభుత్వం నవంబరు 1ని అవతరణ దినంగా జరపలేదు. 2015 నుంచి 2018 వరకు జూన్ 2న నవనిర్మాణ దీక్ష అని పెట్టి ప్రతిజ్ఞలు చేయించింది. అది పేరుకే దీక్ష, పండుగ కాదు. విభజన వల్ల జరిగిన నష్టాన్ని గుర్తుచేసుకునే రోజు. అదే జూన్ 2 నది దాటితే తెలంగాణలో పండుగ. 2019లో ప్రభుత్వం మారాక నవంబరు 1ని మళ్ళీ అవతరణ దినంగా జరిపారు. ఈ ఆరేళ్ళలో ఏ చట్టమూ మారలేదు, ఏ సెక్షనూ మారలేదు. మారింది జరపమనే ఉత్తర్వు ఒక్కటే. ఇది మన దగ్గరే కాదు. తమిళనాడులో నవంబరు 1న జరిపిన తమిళనాడు దినాన్ని, జూలై 18కి మారుస్తామని 2021లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని 1967లో శాసనసభ తీర్మానం చేసిన రోజు జూలై 18. వాళ్ళు హద్దుల రోజు వదిలి పేరు రోజు పట్టుకున్నారు.

ఇక యానాం తమ్ముడి ప్రశ్న. యానాం మనకు బస్సు దూరమే. మాట తెలుగు, చేపల కూర మనదే, కానీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడ నవంబరు 1 సెలవు 1956ది కాదు. అంతకు రెండేళ్ళు ముందు, 1954 నవంబరు 1న, ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారతదేశానికి అప్పగించారు. అది విమోచన దినం. యానాంలో అయితే దడాల రాఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో 1954 జూన్ 13నే ఫ్రెంచి జెండా దించేశారు. కాగితాల మీద సార్వభౌమాధికారం పూర్తిగా మారింది మాత్రం 1962 ఆగస్టు 16న, ఒప్పందాన్ని ఫ్రాన్స్ ఆమోదించాక. అందుకే అక్కడ ఆగస్టు 15న స్వాతంత్ర్య దినం, 16న న్యాయబద్ధ విలీన దినం వెంటవెంటనే వస్తాయి. ఒకే గోదావరి పాయ, ఒకే భాష, ఒకే తేదీ. కారణాలు వేరు. రెండు చోట్లా నవంబరు 1 అని వింటే రెండూ ఒకటేనని ఎవరైనా అనుకుంటారు. ఏ సంవత్సరం నవంబరు 1 అని అడగగానే విడిపోతాయి. అందుకని పట్టికలో తేదీ పక్కన సంవత్సరం గడి కూడా పెట్టించాను. సంవత్సరం లేని తేదీని ఏ సంఘటనకైనా అతికించవచ్చు.

సరిచూసుకోవడం ఎలా అని చాలామంది అడిగారు. సంఘటన తేదీ అయితే indiacode.nic.in లో చట్టం పేరూ సంవత్సరమూ కొట్టి, రెండో సెక్షన్‌లో నియమిత దినం, మూడో సెక్షన్‌లో క్రియాపదం చూడండి. ఏర్పడుతుందా, చేర్చబడుతుందా, పిలవబడుతుందా. చట్టం పైన కనబడే తేదీ రాష్ట్రపతి ఆమోదం తేదీ, దాన్ని అవతరణ తేదీగా రాసుకోవద్దు. చట్టం తేదీ చెప్పకుండా గెజిట్‌కు వదిలేస్తే egazette.gov.in లో నోటిఫికేషన్ వెతకాలి. ఇంగ్లీషు చట్టం భాష మొదట భయపెడుతుంది. మూడో సెక్షన్ ఒక్కటీ మూడుసార్లు చదివితే దారి దొరుకుతుంది. నేను డిగ్రీ మొదటి ఏడు నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక పేజీకి ఒక సాయంత్రం తీసుకున్నాను.

జరపమన్న తేదీ అయితే ఆ ఏటి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. వాట్సాప్‌లో వచ్చే ఉత్తర్వు బొమ్మలో నాలుగు సంగతులు చూడండి: శాఖ పేరు, ఉత్తర్వు సంఖ్య, తేదీ, సంతకం చేసిన అధికారి హోదా. నాలుగూ ఉన్నా సరే, తేదీలో సంవత్సరం చూడకుండా నమ్మవద్దు. పోయిన ఏటి అసలైన ఉత్తర్వే ఈ ఏడు మళ్ళీ తిరుగుతూ ఉంటుంది, అది దొంగది కాదు కానీ ఈ ఏటిది కాదు. వెబ్‌సైటులో వెతికితే దొరకకపోతే ఉత్తర్వు లేదని కూడా తేల్చెయ్యకూడదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో ఉత్తర్వులను ఆ వెబ్‌సైటులో పెట్టడం ఆపేసి, 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాక మళ్ళీ మొదలుపెట్టింది. ఆ నడుమ కాలానికి మర్నాటి పత్రికలు కూడా చూడాలి. పత్రికల్లో "చరిత్రలో ఈ రోజు" శీర్షిక ఆధారం కాదు, అది కూడా ఎక్కడో చూసి ఎత్తిరాసిందే. నవంబరు 1న సభ జరిగిందా అన్నదానికి నవంబరు 2 నాటి పత్రికలో వార్త ఆధారం. పాత కాలానికైతే రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు ఉన్నాయి. ఒకరోజు వెళ్ళి అడగండి, పేజీలు మెల్లగా తిప్పండి.

భాషా దినాల సంగతికి వస్తే ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. భాషకు నియమిత దినం లేదు. తెలుగు ఏ రోజున పుట్టిందో ఏ చట్టమూ చెప్పలేదు. మన భీమేశ్వరాలయం గోడల మీది శాసనాల్లో శక సంవత్సరాలు ఉంటాయి, 78 కలిపితే క్రీస్తుశకం దాదాపుగా వస్తుంది, కానీ అవి ఆ దానాల తేదీలు, భాష తేదీలు కావు. ద్రాక్షారామం, శ్రీశైలం, కాళేశ్వరం మూడు లింగాల నడుమ దేశం త్రిలింగం, దాని నుంచి తెలుగు అని మన ఊళ్ళో అందరూ గర్వంగా చెబుతారు. భాషా శాస్త్రవేత్తలు ఆ వ్యుత్పత్తిని అందరూ ఒప్పుకోరు. ఊరి మీద ప్రేమ నాకూ ఉంది, అయినా పట్టికలో ఆ మాట ఎక్కించలేదు. భాషా దినం కోసం ఎవరో ఒక మనిషి పుట్టినరోజును ఎంచుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన రోజు. తెలంగాణలో సెప్టెంబరు 9, కాళోజీ నారాయణరావు గారు 1914లో పుట్టిన రోజు. దాన్ని తెలంగాణ భాషా దినోత్సవంగా 2014లో, రాష్ట్రం వచ్చిన ఏడే, అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినం మాత్రం ఒక సంఘటనది. 1952లో ఢాకాలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు పోలీసు కాల్పుల్లో చనిపోయిన రోజు అది. యునెస్కో 1999లో ప్రకటించింది. ఇక్కడ కూడా సంఘటనకు ఒక సంవత్సరం, ప్రకటనకు ఒక సంవత్సరం.

పుట్టినరోజును సరిచూడటానికి మన పెద్దవాళ్ళ దగ్గర ఒక ఉపాయం ఉంది. తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తుంది. 1983 ఉగాదికి రుధిరోద్గారి మొదలైంది. అరవై తీస్తే 1923, ఇంకో అరవై తీస్తే 1863. కాబట్టి 1863 ఆగస్టు రుధిరోద్గారిలోకి వస్తుంది. ఆయన దుందుభిలో పుట్టారని ఎక్కడైనా కనిపిస్తే ఆ రచయిత 1862తో కలగలిపాడని పట్టేయవచ్చు. ఇది సంవత్సరాన్నే చెబుతుంది, రోజును చెప్పలేదు.

గిడుగు వారిది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేట. పర్లాకిమిడిలో చాలాకాలం బడిపంతులుగా పనిచేశారు. మన పుస్తకాల్లో వాడుక భాష ఉండాలని పోరాడినందుకు ఆయన పుట్టినరోజు తెలుగు భాషా దినం అయింది. ఉపన్యాసాల్లో తక్కువగా వినబడేది ఇంకోటి ఉంది. కొండల్లో ఉండే సవరల భాష ఆయన నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, వాళ్ళ పిల్లలకు బళ్ళు పెట్టించి, నిఘంటువు కూర్చారు. బడికి వచ్చిన మొదటి తరం పిల్లలకు వాళ్ళ ఇంటి మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన మనిషి. మా అమ్మకు నేను రాసింది చదివి వినిపిస్తే అర్థమవుతుందంటే అందులో ఆయన పాలు ఉంది.

1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. ఆయన దాన్ని ఎదిరించారు. సాగకపోయేసరికి, డెబ్బై దాటిన వయసులో ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. ఏప్రిల్ 1 ఒడిశావాళ్ళకు ఉత్కళ దినం, రాష్ట్రమంతా పండుగ. మన భాషా దినం ఎవరి పేరు మీద జరుపుకుంటామో ఆయనకు అది ఊరు పోయిన రోజు. ఒడిశా పట్టికలో ఈ సంగతి ఉండదు, మన ఆగస్టు 29 ఉపన్యాసాల్లోనూ ఉండటం లేదు. ఆయన 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ఇంకా పదమూడేళ్ళు ఉంది.